ఎక్కడ మొదలైనా అదే చుట్టు

దూలానికి తాడు కట్టి, చివర ఇనుప గుండు వేలాడదీసి, పక్కకు లాగి వదిలితే ఊగుతుంది. బెత్తెడు లాగితే బెత్తెడు ఊపు, మూరెడు లాగితే మూరెడు ఊపు. కీ ఇచ్చే పాతకాలపు గోడగడియారంలోని లోలకం అలా కాదు. దాన్ని కాస్త గట్టిగా తోసినా, కాస్త మెల్లగా తోసినా కొద్దిసేపట్లో తన మామూలు ఊపుకే వచ్చేస్తుంది. చూడ్డానికి రెండూ ఊగడమే. కానీ మొదటిదానికి తన మొదలు గుర్తుంటుంది, రెండోది మరిచిపోతుంది. సమీకరణాన్ని పూర్తిగా సాధించకుండానే ఈ తేడాను కాగితం మీద బొమ్మగా పట్టుకునే పద్ధతి ఒకటుంది. ఫ్రెంచి గణితవేత్త ఆంరీ ప్వాంకరే 1881 నుంచి 1886 వరకు వరుసగా రాసిన వ్యాసాల్లో దానికి పునాది వేశాడు. ఇంజనీరింగ్ కాలేజీల్లో దీన్ని ఫేజ్ ప్లేన్ అంటారు.

లోలకం తరవాతి క్షణంలో ఏం చేస్తుందో చెప్పాలంటే ఇప్పుడు ఎక్కడుందో తెలిస్తే చాలదు, ఏ వేగంతో కదులుతోందో కూడా తెలియాలి. ఈ రెండు సంఖ్యలూ తెలిస్తే ఇక ముందు జరిగేదంతా ఖరారైనట్టే. ఇలా రెండు సంఖ్యలతో నడిచే వ్యవస్థలే రెండో తరగతి అవకలన సమీకరణాలకు లోబడేవి. సాధారణంగా మనం అడ్డంగా కాలం, నిలువుగా కోణం పెట్టి గ్రాఫు గీస్తాం. ప్వాంకరే కాలాన్ని బొమ్మలోంచి తీసేశాడు. అడ్డంగా కోణం x, నిలువుగా వేగం y. ఇప్పుడు లోలకం స్థితి అంతా కాగితం మీద ఒక్క చుక్క. కాలం గడిచేకొద్దీ ఆ చుక్క జరుగుతూ ఒక గీత గీస్తుంది. ఆ గీతను పథం అందాం.

కొలమానాలను సర్దుకుంటే లోలకం సమీకరణం ఇంతే:

```
x' = y
y' = −sin x − b·y
```

ఇందులో b గాలి, ఇరుసు కలిసి చేసే నిరోధం. చిన్న ఊపులకు sin x బదులు x రాసుకుంటే సమీకరణం సరళమవుతుంది, ఇంటర్మీడియట్ పుస్తకంలో కనిపించేది అదే. పెద్ద ఊపులకు అది కుదరదు. sin ఉన్న సమీకరణాన్ని మామూలు సూత్రాలతో సాధించబోతే చెయ్యి కాలుతుంది. అయితే సాధించాల్సిన పని లేదు. కాగితం మీద ఏ చుక్క తీసుకున్నా, పై రెండు వరుసల్లో x, y విలువలు వేస్తే చుక్క ఏ దిక్కుకు జరగాలో బాణం దొరుకుతుంది. కాగితం నిండా బాణాలు వేసి, వాటి వెంబడి గీతలు గీస్తే వ్యవస్థ చేయగలిగినదంతా ఒకే బొమ్మలో కనబడుతుంది. ఒక నియమం మాత్రం తప్పదు. పథాలు ఒకదాన్నొకటి ఖండించుకోవు. ఒకే చుక్క నుంచి రెండు బాణాలు బయల్దేరలేవు కదా.

బొమ్మలో ముందు వెతకాల్సింది బాణం అసలే లేని చుక్కలను, అంటే x', y' రెండూ సున్నా అయ్యే చోట్లను. వాటిని సమతాస్థితి బిందువులు అంటారు, కంట్రోల్ సిస్టమ్స్ పాఠాల్లో సింగ్యులర్ పాయింట్లు అని కూడా. లోలకానికి అలాంటివి రెండే రకాలు. ఒకటి కిందికి నిటారుగా వేలాడటం, అంటే (0, 0). రెండోది తలకిందులుగా నిలబడటం, అంటే (π, 0). రెండోది సాధ్యం కావాలంటే తాడు బదులు తేలికపాటి కడ్డీ ఉండాలి. సమీకరణం దృష్టిలో రెండూ కదలనివే. నిజ జీవితంలో రెండోదాన్ని ఎవరూ చూసి ఉండరు. ఈ తేడాకు కారణం ఆ చుక్క దగ్గర కాదు, దాని చుట్టుపక్కల బాణాల్లో ఉంది.

చుట్టుపక్కల చూడటానికి భూతద్దం పెట్టినట్టు దగ్గరికి వెళితే వంకర సమీకరణం దాదాపు సరళరేఖలా మారుతుంది. కింది బిందువు దగ్గర sin x అంటే ఇంచుమించు x. అప్పుడు పరిస్థితి అంతా λ² + bλ + 1 = 0 అనే వర్గ సమీకరణంలో ఇమిడిపోతుంది. పై బిందువు దగ్గర sin గుర్తు తిరగబడుతుంది కాబట్టి λ² + bλ − 1 = 0 వస్తుంది. పదో తరగతి లెక్కే. మూలాలు ఎలా ఉన్నాయో చూస్తే బిందువు జాతి తెలిసిపోతుంది.

పై బిందువుతో మొదలుపెడదాం. మూలాల లబ్ధం −1 కాబట్టి ఒకటి ధనం, ఒకటి రుణం. అంటే ఒక దిక్కు నుంచి పథాలు దగ్గరికి వస్తాయి, ఇంకో దిక్కులో పారిపోతాయి. దీన్ని శాడిల్ అంటారు. కొండల మధ్య కనుమలో నిలబడితే ఎలా ఉంటుందో అలాగే: ఇరువైపులా కొండ నుంచి దిగే దారులు మీ దగ్గరికి వస్తాయి, ముందూ వెనకా లోయల్లోకి దిగే దారులు మీ నుంచి వెళ్తాయి. సరిగ్గా కనుమకు చేరే దారి ఒక్కటే, అటూ ఇటూ వెంట్రుకవాసి తప్పినా ఏదో ఒక లోయలోకే.

ఆ ఒక్క దారికి విలువ చాలా ఎక్కువ. నిరోధం లేదనుకుంటే లోలకం బొమ్మలో శాడిల్ దారి y = 2cos(x/2) అనే వంపు. దాని లోపల ఉన్న పథాలు అటూ ఇటూ ఊగేవి, బయట ఉన్నవి గిర్రున పూర్తిగా తిరిగేవి. కడ్డీ పొడవు 1 మీటరు అయితే, అట్టడుగున గుండు వేగం సెకనుకు 6.26 మీటర్లు అయిన చోట ఈ సరిహద్దు పడుతుంది. సెకనుకు 6.2 మీటర్లతో కొడితే పైదాకా వెళ్ళి వెనక్కి వచ్చేస్తుంది. 6.3తో కొడితే తలమీదుగా దాటిపోతుంది. కొట్టిన తేడా కొంచెమే, దక్కిన కదలిక మాత్రం పూర్తిగా వేరే. బొమ్మను ఇలా ప్రాంతాలుగా విడదీసే గీతలు శాడిల్ నుంచే వస్తాయి. అందుకే ఫేజ్ ప్లేన్ గీసేవాళ్ళు ముందు శాడిల్‌ను పట్టుకుని దాని నాలుగు చేతులూ గీస్తారు. మిగతా పథాలు వాటి మధ్య వాటంతట అవే సర్దుకుంటాయి.

ఇక కింది బిందువు. b విలువ 0కు, 2కు మధ్య ఉంటే మూలాలు సంకీర్ణ సంఖ్యలు, వాటి వాస్తవ భాగం రుణం. పథం సుడి తిరుగుతూ లోపలికి వచ్చి ఆగుతుంది. అది స్థిరమైన స్పైరల్. b విలువ 2 దాటితే మూలాలు రెండూ రుణ వాస్తవ సంఖ్యలు. లోలకాన్ని ఆముదంలో ముంచినంత నిరోధం అన్నమాట. ఊగకుండానే మెల్లగా జారి నిలుస్తుంది. అది నోడ్. ఏ వ్యవస్థకైనా సూత్రం ఇదే. λ² − Tλ + D = 0 అని రాసుకుంటే, D రుణమైతే శాడిల్. D ధనమైతే T గుర్తు చూడాలి: రుణమైతే దగ్గరికి లాక్కుంటుంది, ధనమైతే తోసేస్తుంది. T² విలువ 4D కంటే తక్కువైతే స్పైరల్, ఎక్కువైతే నోడ్, సరిగ్గా సమానమైతే నోడ్‌లోనే ఒక అంచు రకం.

మిగిలింది ఒక్కటే, T సున్నా అయిన సందర్భం. అక్కడే జాగ్రత్తగా ఉండాలి. b = 0 అయిన లోలకానికి కింది బిందువు చుట్టూ మూసిన చుట్లు ఒకదానిలో ఒకటి ఉంటాయి. దీన్ని సెంటర్ అంటారు. కానీ T = 0 అయినంత మాత్రాన సెంటర్ అని తీర్పు చెప్పకూడదు. భూతద్దంలో మనం వదిలేసిన చిన్న పదాలే ఇక్కడ అసలు తీర్పరులు. ఉదాహరణకు y' = −x − x²y తీసుకోండి (x' = y మామూలే). సరళం చేస్తే x²y ఎగిరిపోయి సెంటర్ అనే జవాబు వస్తుంది. నిజానికి ఆ పదం ప్రతి చుట్టులోనూ కాస్త శక్తిని తినేస్తుంది కాబట్టి పథం లోపలికే పోతుంది. 0.1 దూరంలో మొదలుపెడితే ఒక చుట్టుకు తగ్గేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. కంటికి గుండ్రంగా మూసుకున్నట్టే కనిపిస్తుంది. శాడిల్, స్పైరల్, నోడ్ విషయంలో భూతద్దం అబద్ధం చెప్పదు. సెంటర్ విషయంలో దాని మాట నమ్మకూడదు.

కంప్యూటర్ గీసిన బొమ్మనూ అంతే జాగ్రత్తగా చూడాలి. చాలామంది విద్యార్థులు మొదట వాడేది ఆయిలర్ పద్ధతి: ఉన్నచోటు బాణం వెంబడి h అంత అడుగు వెయ్యి, మళ్ళీ బాణం చూడు, మళ్ళీ అడుగు వెయ్యి. నిరోధం లేని చిన్న ఊపుకు x' = y, y' = −x. నిజమైన పథం వృత్తం. ఆయిలర్ అడుగు ప్రతిదీ వృత్తానికి స్పర్శరేఖ మీద పడుతుంది కాబట్టి ప్రతి అడుగుకూ చుక్క బయటికి జరుగుతుంది. h = 0.1 అయితే ఒక చుట్టు అంటే 63 అడుగులు. చుట్టు ముగిసేసరికి వ్యాసార్థం 37 శాతం పెరిగి ఉంటుంది. వ్యవస్థలో లేని శక్తిని లెక్క పుట్టించింది. చూసినవాడు ఇది బయటికి పోయే స్పైరల్ అని రాసేస్తాడు. దీన్ని పట్టుకోవడం తేలిక. అడుగును సగం చేసి మళ్ళీ గీయాలి. h = 0.05కు పెరుగుదల 17 శాతానికి పడిపోతుంది. అడుగు మార్చగానే మారిపోయే స్పైరల్ వ్యవస్థది కాదు, లెక్కది. రుంగే-కుట్టా లాంటి మెరుగైన పద్ధతి వాడినా ఈ పరీక్ష మానకూడదని నా అభిప్రాయం.

ఇంతవరకూ చూసిన మూసిన చుట్లన్నీ సెంటర్ చుట్టూ గుంపుగా ఉన్నవే. ఏ చుట్టు మీద తిరగాలో మొదటి తోపు నిర్ణయిస్తుంది. పైగా రవ్వంత నిరోధం తగిలితే చాలు, గుంపంతా సుడిగా మారిపోతుంది. గడియారంలోని లోలకం చేసే పనికి ఈ బొమ్మ సరిపోదు. దానికి కావాల్సింది ఒంటరి చుట్టు. పక్కన ఇంకో మూసిన చుట్టు లేకుండా, చుట్టుపక్కల పథాలను తనవైపు లాక్కునేది. ఇలా ఒంటరిగా ఉండే మూసిన చుట్టునే ప్వాంకరే లిమిట్ సైకిల్ అన్నాడు. ఆయనకది శుద్ధ గణితం. దాని భౌతిక రూపం దాదాపు నలభై ఏళ్ళ తరవాత నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో, ఫిలిప్స్ కంపెనీ ప్రయోగశాలలో బయటపడింది.

బాల్తజార్ వాన్ డెర్ పోల్ 1922లో ఆ ప్రయోగశాలలో చేరాడు. అది రేడియో కొత్తగా వస్తున్న కాలం. ట్రయోడ్ వాల్వును ఒక కాయిల్‌కు, కెపాసిటర్‌కు జతచేస్తే సర్క్యూట్ తనంతట తాను డోలనాలు పుట్టిస్తుంది. స్విచ్ వేసిన ప్రతిసారీ అదే ఎత్తు తరంగం. అందులోని వోల్టేజిని x అనుకుని అనవసరమైనవన్నీ తీసేస్తే ఆయనకు మిగిలిన సమీకరణం ఇది:

```
x' = y
y' = μ(1 − x²)·y − x
```

లోలకంతో పోల్చి చూస్తే మారింది నిరోధం ఒక్కటే. x విలువ −1కు, 1కి మధ్య ఉన్నప్పుడు (1 − x²) ధనం, అంటే నిరోధం తిరగబడి తోపు అవుతుంది. వాల్వు బ్యాటరీ నుంచి శక్తి తెచ్చి డోలనానికి పోస్తుంది. x ఆ గీత దాటితే మామూలు నిరోధమే, శక్తిని తినేస్తుంది. μ ఆ వాల్వు బలం.

సమతాస్థితి ఒక్కటే, (0, 0). దగ్గరగా చూస్తే T = μ, D = 1. μ ధనం కాబట్టి అది తోసేసే బిందువు. μ విలువ 2 లోపైతే బయటికి పోయే స్పైరల్, దాటితే బయటికి పోయే నోడ్. ఏదైనా సరే అక్కడ ఎవరూ నిలవరు. సర్క్యూట్ తనంతట తాను మొదలవడానికి కారణం ఇదే. వాల్వులో ఎప్పుడూ ఉండే కొద్దిపాటి విద్యుత్ గోల చాలు, చుక్క సున్నా నుంచి జరిగిపోతుంది.

మరి ఎందాకా పోతుంది? μ చిన్నదైతే దీన్ని చేత్తోనే లెక్కకట్టొచ్చు. అప్పుడు పథం దాదాపు వృత్తమే, వ్యాసార్థం a అనుకుందాం. డోలనంలోని శక్తి (x² + y²)/2. అది మారే రేటు μ(1 − x²)y² అని పై వరుసల నుంచి వస్తుంది. ఒక చుట్టు మీద సగటు తీస్తే y² వాటా a²/2, x²y² వాటా a⁴/8. మొదటిది రాబడి, రెండోది ఖర్చు. a = 1 అయితే రాబడి 0.5, ఖర్చు 0.125. మిగులు ఉంది కాబట్టి చుట్టు పెరుగుతుంది. a = 3 అయితే రాబడి 4.5, ఖర్చు 10.125. అప్పు పడుతుంది కాబట్టి చుట్టు కుంచించుకుపోతుంది. రెండూ సమానమయ్యేది a² = 4 దగ్గర, అంటే a = 2. ఊపు ఎంత ఉండాలో మొదటి తోపు చెప్పలేదు, సమీకరణమే చెప్పింది. గమనించారా, జవాబులో μ కూడా లేదు. వాల్వు బలం చుట్టు పరిమాణాన్ని దాదాపుగా మార్చదు, అక్కడికి ఎంత త్వరగా చేరాలన్నదాన్నే మారుస్తుంది.

μ = 1కు బొమ్మ గీసి చూద్దాం. 1926లో ప్రచురించిన వ్యాసంలో వాన్ డెర్ పోల్ 0.1, 1, 10 అనే మూడు విలువలకు ఐసోక్లైన్ పద్ధతిలో చేత్తో బొమ్మలు గీశాడు. ఐసోక్లైన్ అంటే ఒకే వాలు ఉన్న చుక్కలను కలిపే గీత. పథం వాలు dy/dx = (1 − x²) − x/y. నిలువు అక్షం మీద x = 0 కాబట్టి వాలు ఎక్కడైనా 1. అడ్డ అక్షం మీద పథాలు నిటారుగా దాటుతాయి. x = 1 అనే నిలువు గీత మీద వాలు −1/y. (2, −1) దగ్గర వాలు −1. (2, 1) దగ్గర −5, అంటే నిట్టనిలువుగా పడిపోవడమే. ఇలా ఏడెనిమిది ఐసోక్లైన్లు వేసి వాటి మీద చిన్న చిన్న గీతలు పెడితే పథం దారి తానే కనబడుతుంది.

లోపల (0.1, 0) దగ్గర మొదలుపెడదాం. ఇక్కడ భూతద్దం లెక్క ప్రకారం అర చుట్టుకు దూరం సుమారు ఆరు రెట్లు అవుతుంది. అంటే అవతలి వైపు −0.6 దగ్గర అడ్డ అక్షాన్ని దాటుతుంది. ఇంకో అర చుట్టుకు కూడా ఆరు రెట్లు పెరగబోతుంది కానీ ఈలోగా x ఒకటి దాటి నిరోధం అందుకుంటుంది. ఒకటి రెండు చుట్లలోనే 2 దగ్గర స్థిరపడుతుంది. ఇప్పుడు బయట (4, 0) దగ్గర మొదలుపెడదాం. అక్కడ నిరోధం గుణకం 15. చుక్క కొద్దిగా కిందికి దిగగానే నిరోధం బిగించి పట్టేస్తుంది. వేగం సుమారు −0.27 దగ్గర ఆగిపోయి, x మెల్లగా తగ్గుతూ వస్తుంది. 1 దగ్గరికి వచ్చేసరికి పట్టు సడలుతుంది, చుక్క ఒక్కసారిగా అవతలికి దూకుతుంది. ఆ దూకుడుతో అదే చుట్టు మీదికి చేరుతుంది. లోపలి నుంచి వచ్చినదీ, బయటి నుంచి వచ్చినదీ కలిసి తిరుగుతాయి. ఇది స్థిరమైన లిమిట్ సైకిల్.

ఇలా నాలుగు పథాలు గీసి అన్నీ ఒకచోటికే వచ్చాయంటే నమ్మకం కలుగుతుంది కానీ నిరూపణ కాదు. ప్వాంకరే మొదలుపెట్టి స్వీడన్ గణితవేత్త ఇవార్ బెండిక్సన్ 1901లో బిగించిన సిద్ధాంతం ఆ పని చేస్తుంది. ఉంగరం ఆకారంలో ఒక ప్రాంతం తీసుకోండి. లోపలి అంచు మీదా, బయటి అంచు మీదా బాణాలన్నీ ఉంగరంలోకే చూపిస్తూ, ఉంగరంలో సమతాస్థితి బిందువు ఒక్కటి కూడా లేకపోతే, అందులో మూసిన చుట్టు ఉండి తీరాలి. లోపలికి వచ్చిన పథం బయటికి పోలేదు, ఆగలేదు, తనను తాను ఖండించుకోలేదు. తిరగడం తప్ప దానికి దారి లేదు. బెండిక్సన్‌దే ఇంకో పరీక్ష ఎక్కడ ఉండదో చెబుతుంది. వాన్ డెర్ పోల్ సమీకరణానికి ఆ పరీక్ష చూసేది μ(1 − x²) గుర్తును. −1, 1 గీతల మధ్య అది ఎప్పుడూ ధనం కాబట్టి మూసిన చుట్టు ఏదీ పూర్తిగా ఆ గీతల మధ్య ఇమడదు. చెయ్యి తిరిగినవాళ్ళు బొమ్మ గీయకముందే ఈ పరీక్ష వేస్తారు, లేని చుట్టు కోసం గంటలు వెతక్కుండా.

μ పెరిగితే చుట్టు ఉంటుంది కానీ నడక మారిపోతుంది. చిన్న μకు ఒక చుట్టు కాలం 6.28. μ = 1కు 6.66. μ = 10కి 19.08. అప్పుడు చుక్క చాలాసేపు పాకి, ఠక్కున దూకి, మళ్ళీ పాకుతుంది. ఈ పాకి దూకే నడకకు వాన్ డెర్ పోల్ రిలాక్సేషన్ డోలనాలు అని పేరు పెట్టాడు. గుండె కొట్టుకోవడమూ ఇలాగే ఉందని గమనించి, 1928లో తన సహచరుడు వాన్ డెర్ మార్క్‌తో కలిసి నియాన్ దీపాల సర్క్యూట్లతో గుండెకు ఒక నమూనా చేశాడు.

ఇంతకీ ట్రయోడ్ సర్క్యూట్‌లో తిరుగుతున్నది ప్వాంకరే చెప్పిన లిమిట్ సైకిలేనని గుర్తుపట్టింది వాన్ డెర్ పోల్ కాదు. మాస్కోలో మాండెల్‌స్తామ్ శిష్యుడైన అలెగ్జాండర్ ఆంద్రొనోవ్ 1929లో ఆ రెంటినీ కలిపాడు. ఆయన, విట్, ఖైకిన్ కలిసి రాసిన డోలనాల సిద్ధాంత గ్రంథం 1937లో వచ్చింది. స్టాలిన్ అరెస్టుల్లో చిక్కిన విట్ పేరు మొదటి ముద్రణ అట్ట మీద లేదు. 1959 ముద్రణలో తిరిగి చేర్చారు.

గడియారం సంగతి ఆ గ్రంథంలో ముఖ్యమైన ఉదాహరణ. అది వాల్వులాంటిది కాదు. వాల్వు తనంతట తాను మొదలవుతుంది, గడియారానికి కీ ఇచ్చినా లోలకాన్ని చేత్తో తోయాలి. మరీ మెల్లగా తోస్తే నాలుగు ఊపులు ఊగి ఆగిపోతుంది. బొమ్మలో దీని అర్థం ఏమిటంటే, నిశ్చలంగా ఉండటం కూడా ఇక్కడ స్థిరమైన బిందువే. దాని చుట్టూ పెద్ద స్థిరమైన చుట్టు కూడా ఉంది. రెండూ లాక్కునేవే అయితే మధ్యలో సరిహద్దు ఉండాలి. ఆ సరిహద్దు ఇంకో లిమిట్ సైకిల్, కాకపోతే అస్థిరమైనది. కేంద్రం నుంచి దూరం rతో చిన్న నమూనా రాస్తే ఇలా ఉంటుంది:

```
r' = r(r² − 1)(4 − r²)
```

r ఒకటి కంటే తక్కువైతే కుడివైపు రుణం, ఊపు చచ్చిపోతుంది. 1కి, 2కు మధ్య ధనం, పెరుగుతుంది. 2 దాటితే మళ్ళీ రుణం. r = 2 మనం వినే టిక్ టిక్. r = 1 మన చెయ్యి దాటించాల్సిన గీత. సమీకరణంలో సంఖ్యలను మారుస్తూ పోతే ఈ రెండు చుట్లూ దగ్గరై ఒకటైపోవచ్చు. అప్పుడు మిగిలే చుట్టు ఒక వైపు నుంచి లాక్కుంటుంది, రెండో వైపుకు తోసేస్తుంది. దాన్ని అర్ధస్థిరం అంటారు. నూనె ఎండిపోయి ఘర్షణ పెరిగిన గడియారం ఈ స్థితి దాటితే ఎంత గట్టిగా తోసినా నడవదు.

అస్థిరమైన చుట్టుతో ఒక చిక్కుంది. స్క్రీన్ మీద ఎన్ని పథాలు గీసినా అది కనబడదు. సరిగ్గా దాని మీద పెట్టినా లెక్కలోని చివరి దశాంశం తేడాకే జారిపోతుంది. దీనికి వాడే ఉపాయం నాకెంతో ఇష్టం. కాలాన్ని వెనక్కి తిప్పుతారు. బాణాలన్నిటి దిశా తారుమారవుతుంది, తోసేసేది లాక్కునేదవుతుంది, దాక్కున్న చుట్టు బయటపడుతుంది. ఫేజ్ ప్లేన్ గీసే ప్రోగ్రాముల్లో వెనక్కి నడిపే సౌకర్యం ఉండటానికి ఇదొక కారణం. దాన్ని వాడకుండా మా వ్యవస్థలో ఒక్కటే చుట్టు ఉందని రిపోర్టులో రాసేవాళ్ళను నమ్మలేం.

ఈ బొమ్మకు హద్దు కూడా ఉంది. కాగితం మీద పథాలు ఖండించుకోలేవు కాబట్టి ఒక పరిమిత ప్రాంతంలో చిక్కుకున్న పథానికి మూడే గతులు: ఒక బిందువుకు చేరడం, ఒక చుట్టుకు చేరడం, లేదా శాడిల్ చేతులు కలిసి ఏర్పడిన చట్రం చుట్టూ తిరగడం. బయటి నుంచి ఇంకో తరంగం వ్యవస్థను కుదిపితే కాలం మూడో సంఖ్యగా చేరుతుంది, కాగితం చాలదు. 1927లో వాన్ డెర్ పోల్, వాన్ డెర్ మార్క్ ఒక నియాన్ దీపం సర్క్యూట్‌ను అలాగే కుదిపి, టెలిఫోన్ రిసీవర్‌లో వింటుంటే ఒక తరచుదనం నుంచి ఇంకోదానికి మారే ముందు క్రమం లేని గోల వినబడింది. పెద్దగా పట్టించుకోదగ్గ సంగతి కాదన్నట్టు రాసి వదిలేశారు. 1940లలో మేరీ కార్ట్‌రైట్, జాన్ లిటిల్‌వుడ్ బయటి తరంగంతో కుదిపిన వాన్ డెర్ పోల్ సమీకరణాన్ని పట్టుకుని కూర్చుంటే దాని వెనక ఎంత చిక్కటి ప్రవర్తన ఉందో తెలిసింది. ఇప్పుడు దాన్ని కయోస్ అంటున్నారు.

కాగితం మీది బొమ్మలో మాత్రం ఇక తెలుసుకోవలసిందేమీ లేదనుకోకండి. x', y' రెండూ x, yల రెండో ఘాతం వరకే ఉన్న బహుపదులైతే ఆ బొమ్మలో గరిష్ఠంగా ఎన్ని లిమిట్ సైకిళ్ళు ఉండగలవు? 1900లో డేవిడ్ హిల్బర్ట్ ప్రకటించిన 23 సమస్యల్లో పదహారోదాని రెండో భాగంలోకి వచ్చే ప్రశ్న ఇది. 1979లో చైనా గణితవేత్తలు నాలుగు చుట్లున్న ఉదాహరణలు చూపించారు. అయిదు ఉన్నదాన్ని ఇంతవరకూ ఎవరూ చూపలేదు. అయిదు ఉండవని కూడా ఎవరూ నిరూపించలేదు.